‘లా’ ఉంచాలా, తీసేయాలా?

పోయిన నెల ఒక మిత్రుడు నాలుగు పంక్తులు పంపాడు.

*నాన్న మౌనం*
*తాళం వేసిన ఇల్లులా ఉంది.*
*ఎన్నోసార్లు మాట్లాడబోయి*
*వెనక్కి వచ్చేశాను.*

కింద ఒక ప్రశ్న: “‘లా ఉంది’ తీసేస్తే బలం వస్తుందని అందరూ అంటున్నారు. తీసేయనా?”

ఆ ‘అందరూ’లో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఎవరు కవిత చూపించినా పెన్సిల్ తీసుకుని ‘లా’ల మీద గీతలు కొట్టేవాణ్ణి. ఉపమ అంటే భయపడుతూ చెప్పడం, రూపకం అంటే ధైర్యంగా చెప్పడం అని నా లెక్క. తర్వాత తర్వాత, అలా గీత కొట్టిన పంక్తుల్లో సగం మునుపటికంటే అధ్వానంగా తయారవడం చూశాక తెలిసింది, తప్పు ‘లా’ది కాదని. చాలాసార్లు తప్పు దాని పక్కనున్న క్రియలో ఉంటుంది. ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఆ క్రియను చూసే తేల్చుకోవాలి. మిత్రుడి నాలుగు పంక్తులనే దగ్గర పెట్టుకుని ఆ సంగతి చెబుతాను.

ఈ సలహా ఎక్కడిది?

పోలిక మాట తీసేస్తే బొమ్మ బలపడుతుందన్న వాదన పాతదే. అరిస్టాటిల్ తన ‘రెటరిక్’ మూడో భాగంలో దాదాపు ఇదే అన్నాడు. వీరుడు సింహంలా మీదపడ్డాడంటే ఉపమ, సింహం మీదపడిందంటే రూపకం. ఉపమ కాస్త పొడుగు, అందుకే కాస్త తక్కువ రుచి. పైగా అది ‘ఇదే అది’ అని చెప్పదు కాబట్టి వినేవాడి బుద్ధి వెతుక్కునే పని పెట్టుకోదు అని ఆయన అభిప్రాయం. మన వైపు దండి ‘కావ్యాదర్శం’లో ఇదే విషయాన్ని అవతలి చివర నుంచి పట్టుకున్నాడు. భేదం కనపడకుండా దాగిపోయిన ఉపమే రూపకం అన్నాడు. ఒకాయనకి రూపకం మొదలు, ఉపమ దాని సాగదీత. ఇంకొకాయనకి ఉపమ మొదలు, రూపకం దాని తర్వాతి మెట్టు. నాకు దండి మాటే ఎక్కువ పనికొచ్చింది. భేదం దాచడం అన్నాడు గాని, భేదం లేదనలేదు. కొన్ని పంక్తుల్లో ఆ భేదమే అసలు విషయం, అక్కడ దాచకూడదు. ఆ మాట తర్వాత చెబుతాను.

ఇప్పుడు మనవాళ్ళు ఇచ్చే ‘లా తీసేయ్’ సలహాలో చాలా భాగం ఇంగ్లీషు కవిత్వ పాఠాల నుంచి వచ్చింది. అక్కడ ‘లైక్’ అనే మాట బొమ్మకంటే ముందొస్తుంది. ఇక రాబోయేది పోలిక మాత్రమే అని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. తెలుగులో అలా కాదు. ‘తాళం వేసిన ఇల్లు’ అన్నంతవరకూ మనం నిజంగానే ఇల్లు చూస్తాం. తాళం కప్ప, గుమ్మం అన్నీ కళ్ళ ముందుకొస్తాయి. అప్పుడు ‘లా’ వస్తుంది. అంటే మన ‘లా’ ముందస్తు హెచ్చరిక కాదు, ఇచ్చిన బొమ్మను కొంచెం వెనక్కి తీసుకోవడం. ఒక్క అక్షరం, అదీ మాటకి అతుక్కుపోయి ఉంటుంది. ‘లైక్’ చేసేంత చప్పుడు అది చెయ్యదు. కాబట్టి ఇంగ్లీషులో ఆ మాటకి ఎంత భయపడాలో మనం ‘లా’కి అంత భయపడక్కర్లేదు. అసలు దెబ్బ ‘లా’ తర్వాత వచ్చే మాటతో పడుతుంది. మన వాక్యంలో క్రియ చివర్లో కూర్చుంటుంది కదా, వెనక్కి తీసుకున్న బొమ్మను మళ్ళీ నిలబెట్టాల్సిన భారం దానిదే. అక్కడ ‘ఉంది’ అని పెట్టి ఊరుకుంటే నిలబెట్టేవాడే లేడు.

క్రియ ఎవరిది?

బడిలో సమాసాలు చదివినప్పుడు విగ్రహవాక్యాలు రాశాం. ముఖకమలం అంటే కమలం వంటి ముఖం. సంసార సాగరం అంటే సంసారమనే సాగరం. ‘వంటి’ అయితే ఉపమాన ఉత్తరపదం, ‘అనే’ అయితే రూపక సమాసం. మార్కులు పడ్డాయి, మర్చిపోయాం. అయితే అలంకారశాస్త్రం రాసినవాళ్ళు అక్కడితో ఆగలేదు. ముఖకమలం అనే మాటని ఒంటరిగా చూస్తే అది ఉపమో రూపకమో తేలదన్నారు. వాక్యంలో మిగతా మాటలు తేలుస్తాయి. ‘ముఖకమలాన్ని ముద్దాడాడు’ అంటే ముద్దు ముఖానికి కాబట్టి ముఖమే ముఖ్యం, కమలం పోలిక కోసం వచ్చింది. అది ఉపమ. ‘ముఖకమలం వికసించింది’ అంటే వికసించడం పువ్వు పని కాబట్టి కమలమే ముఖ్యం. అది రూపకం. మాట ఒకటే, క్రియ మారేసరికి అలంకారం మారింది.

ఇంత పాత పరీక్ష ఇప్పటి పంక్తికి కూడా అచ్చంగా పనికొస్తుంది. ‘ఆశల దీపం’ అని రోజుకి పదిమంది రాస్తారు. ‘ఆశల దీపాన్ని కోల్పోయాను’ అన్న వాక్యంలో కోల్పోవడం ఆశకి సంబంధించినది. దీపానికి ఆ వాక్యంలో పనే లేదు. తీసేసి ‘ఆశ కోల్పోయాను’ అన్నా నష్టం లేదు. ‘ఆశల దీపం కొండెక్కింది’ అంటే కొండెక్కడం దీపం పని. అందులోనూ ఇంట్లో దీపం ఆరిందని అనకూడదు గనుక పెద్దవాళ్ళు వాడే మాట. ఒక్క క్రియతో ఆ ఇల్లు, ఆ సాయంత్రం, చెడుమాట నోట రానివ్వని ఆ ముసలావిడ గొంతు వచ్చేశాయి. ఇక ‘ఆశల దీపం వాడిపోయింది’ అని రాస్తే దీపాన్ని పువ్వు చేసినట్టు. అరిగిపోయిన రూపకాల్లో ఇలాంటి పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. దీపం అని రాశాడే గాని రాసినవాడి కళ్ళ ముందు దీపం లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది. నీ పంక్తిలోని క్రియ అసలు వస్తువుదా, బొమ్మదా? క్రియ బొమ్మదైతే ‘లా’ అడ్డం. అసలు వస్తువుదైతే ‘లా’ అవసరం.

తెలుగులో దీనికి ఇంకో చిక్కుంది. మన క్రియకి లింగం ఉంది. ‘సింహంలా దూకాడు’ హాయిగా ఉంటుంది. ‘లా’ తీసేస్తే ‘సింహం దూకాడు’ కుదరదు, ‘సింహం దూకింది’ అనాలి. ఆ ‘ింది’తో మగవాడు వాక్యంలోంచి పూర్తిగా జారిపోతాడు, సింహమే మిగులుతుంది. ఆఫీసులో “అదిగో, పులి వచ్చింది” అని బాసు గురించి గుసగుసలాడేటప్పుడు ఆ మజా అంతా ‘వచ్చారు’ పోయి ‘వచ్చింది’ రావడంలోనే ఉంది. ఆడవాళ్ళ విషయంలో ఈ కుదుపు తెలియదు. ‘నెమలి నడిచి వచ్చింది’ అంటే క్రియ రెండింటికీ సరిపోతుంది. ఏకవచనంలో స్త్రీకీ, పక్షికీ, బండకీ మన క్రియ ఒకటే కదా. (ఇది న్యాయమా అంటే వేరే చర్చ.) అందుకే మగవాణ్ణి కర్తగా పెట్టి రూపకం రాసేటప్పుడు ఆ కుదుపు నీకు కావాలో వద్దో చూసుకోవాలి. నాన్న గురించి గౌరవంగా రాస్తున్న కవితలో హఠాత్తుగా ‘పర్వతం కుంగింది’ అని వస్తే, మరుసటి పంక్తిలో మళ్ళీ ‘ఆయన’ దగ్గరికి తిరిగి రావడానికి దారి వేసుకోవాలి.

ఇక నాన్న పద్యానికి వద్దాం

మిత్రుడి పంక్తుల్లో ‘లా ఉంది’ తీసేస్తే ఇలా అవుతుంది.

*నాన్న మౌనం*
*తాళం వేసిన ఇల్లు.*
*ఎన్నోసార్లు మాట్లాడబోయి*
*వెనక్కి వచ్చేశాను.*

మొదటి రెండు పంక్తులు చదివితే నిజంగానే గట్టిపడ్డాయి. తెలుగుకి ఇదొక సౌకర్యం. రెండు నామవాచకాలు పక్కపక్కన పెడితే చాలు, మధ్యలో క్రియ అక్కర్లేదు, వాక్యం పూర్తి. కానీ మూడో పంక్తి దగ్గర కాలు తడబడుతుంది. ఇల్లు అన్నాక ఇంటితో మాట్లాడబోవడమేంటి? ‘మాట్లాడబోయి’ అన్నది నాన్నకి చెందిన క్రియ. మొదటి ప్రతిలో ‘లా’ ఉంది కాబట్టి నాన్న నాన్నగానే ఉన్నాడు, ఆయనతో మాట్లాడబోవచ్చు. అక్కడ వ్యాకరణానికి ఇబ్బంది లేదు, కానీ ఇల్లు కట్టి లోపలికెవరూ వెళ్ళలేదు. రెండో ప్రతిలో ఇల్లు గట్టిగా నిలబడింది, మాట్లాడబోయినవాడు మాత్రం దారి తప్పి గోడ ముందు నిలబడ్డాడు. ‘లా’ తీసేసి మిగతాది ముట్టుకోకపోతే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. ఒక అక్షరం తీస్తే తర్వాతి రెండు పంక్తులు కూడా మళ్ళీ రాసుకోవాలి.

రూపకమే కావాలనుకుంటే ఇంట్లోనే ఉండాలి. “నువ్వు ఆ ఇంటి ముందుకెళ్ళి ఏం చేశావో చెప్పు” అన్నాను. వాడు రెండు రోజులు తీసుకుని ఇది పంపాడు.

*నాన్న మౌనం*
*తాళం వేసిన ఇల్లు.*
*కిటికీ రెక్కకి చెవి ఆనిస్తే*
*లోపల రేడియో మోగుతూనే ఉంది.*

ఇది చూసి నేను కాసేపు ఏమీ అనలేదు. మొదటి ప్రతిలో మౌనం అంటే ఖాళీ. ఇందులో బయట తాళం ఉంది, లోపల ఎవరో ఉన్నారు. నాన్న గురించి వాడికే అంతకుముందు తెలియని సంగతి ఇంట్లోంచి బయటికొచ్చింది. రూపకం వల్ల లాభం ఇదీ. బొమ్మని నిజమని ఒప్పుకున్నాక దానికున్న కిటికీలు, గొళ్ళేలు, అటకలు అన్నీ నీవే. తర్వాతి పంక్తిని అవి ఇస్తాయి. మూడో పంక్తికి బొమ్మ దగ్గర ఇచ్చేందుకేమీ లేకపోతే అది రూపకం మోయగలిగిన బొమ్మ కాదని అర్థం.

అయితే అదే ఇంటిని ఉపమగా ఉంచి కూడా మంచి పంక్తి రాయొచ్చు. ఊరికే వాదన కోసం నేనొకటి రాసి పంపాను.

*తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డట్టు*
*నాన్న ముందు నిలబడ్డాను,*
*చేతిలో మార్కుల కాగితం.*

ఇక్కడ పోలిక రెండు వస్తువుల మధ్య లేదు, రెండు నిలబడటాల మధ్య ఉంది. తాళం చూసి కూడా వెంటనే తిరిగిపోకుండా, ఎవరైనా వస్తారేమోనని కాసేపు నిలబడతాం చూడండి, ఆ నిలబడటం. ఇందులో ‘అట్టు’ తీసేస్తే పంక్తే కూలిపోతుంది. మార్కుల కాగితం నిజమైన వస్తువు, అది ఇంటి బొమ్మలో ఇమడదు. దాన్ని పంక్తిలోకి తేవాలంటే నాన్న మనిషిగానే ఉండాలి. అందుకే ఉపమ.

మిత్రుడు తన ప్రతినే ఉంచుకున్నాడు. సరైన పనే చేశాడు. వాడు రాయదలచుకుంది నాన్న గురించి, నాది నిలబడ్డ కుర్రాడి గురించి. బొమ్మలోపలికి వెళ్ళి అక్కడ ఏముందో చెప్పాలంటే రూపకం. బొమ్మని ఒకసారి చూపించి మళ్ళీ మనిషి దగ్గరికి రావాలంటే ఉపమ.

‘లా ఉంది’ అనే జంట

‘లా’ బొమ్మని నీరుగార్చే చోట్లు నేను చూసినంతలో ఎక్కువగా ‘లా ఉంది’, ‘లా అనిపించింది’, ‘లా కనిపించింది’ అనే జంటల దగ్గరే ఉంటాయి. ‘ఆమె నవ్వు వెన్నెలలా ఉంది’ అన్నారనుకోండి. వెన్నెల ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు, ఉంది. దీన్ని ‘ఆమె నవ్వు వెన్నెల’ అని మార్చినా పెద్ద తేడా రాదు. అరిగిన బొమ్మకి పోలిక మాట తీసినంత మాత్రాన పదును రాదు. అరుపుతో చెప్పిన అరిగిన మాట అవుతుందంతే.

‘లా’ పక్కన బరువున్న క్రియ ఉంటే మాత్రం ఏ లోటూ ఉండదు. ‘బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు’ అంటారు. రాయి మీద బెల్లం కొట్టినా రాయికేం రుచి తెలుస్తుంది! ‘నిలబడ్డాడు’ అనేది రాయికీ మనిషికీ ఇద్దరికీ సరిపోయే క్రియ. ‘కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు’ కూడా అంతే. ఇలాంటి క్రియ దొరికితే ‘లా’ని కదిలించకండి. బొమ్మకీ మనిషికీ మధ్య వంతెన ఆ క్రియే. దాన్నే శాస్త్రం సమానధర్మం అంటుంది.

ఇంకో రకం అనవసరపు ‘లా’ ఉంది. ‘పొగమంచు ఊరిని దుప్పటిలా కప్పింది’ అని ఎన్నోసార్లు చదివుంటారు. ‘కప్పింది’ అన్న క్రియలోనే దుప్పటి ఉంది. మళ్ళీ ‘దుప్పటిలా’ అంటే చెప్పిందే చెప్పడం. దుప్పటినీ ‘లా’నీ రెండింటినీ తీసేసి చూడండి. ‘తెల్లారినా ఊరు మంచు కప్పుకునే ఉంది.’ ఇందులో దుప్పటి అన్న మాటే లేదు, కానీ బద్ధకంగా ముడుచుకుని పడుకున్న ఊరు కనిపిస్తోంది. నామవాచకంలోంచి క్రియలోకి జారిన ఇలాంటి రూపకమే తెలుగులో అన్నిటికంటే సహజంగా వినిపిస్తుందని నా నమ్మకం. ఎండ కాల్చేస్తోంది, ఆకలి దంచేస్తోంది అని రోజూ అంటూనే ఉంటాం, అలంకారమని ఎవరూ అనుకోరు. ‘లా’ తీయాలా వద్దా అని టెన్షన్ పడేముందు, బొమ్మని క్రియలోకి దించగలవా అని ఒకసారి చూసుకుంటే చాలాసార్లు ఆ ప్రశ్నే మిగలదు.

ఉపమే గెలిచే చోట్లు

మా మేనత్త ప్రెషర్ కుక్కర్. ఈ వాక్యంతో మీకేం తెలిసింది? ఆవిడ గట్టిగా అరుస్తుందా, లోపల ఉడికిపోతూ ఉంటుందా, పేలుతుందా? రూపకం అన్ని తలుపులూ తెరిచేసి ఏ గదిలోకి వెళ్ళాలో చెప్పలేదు. ‘మా మేనత్త ప్రెషర్ కుక్కర్‌లా మూడుసార్లు అరిచి చల్లబడిపోతుంది’ అంటే ఆవిడ అచ్చంగా దిగిపోయింది. ఇంట్లోవాళ్ళు మూడో అరుపు కోసం ఎదురుచూడటం కూడా కనిపిస్తుంది. వస్తువులు రెండూ బాగా దూరమైనవైతే, పోలిక ఎక్కడుందో పాఠకుడికి కొంచెం చెయ్యి పట్టుకుని చూపించాలి. ఆ పని ఉపమ చేస్తుంది. సరదా పంక్తులకి ఉపమ బాగా అతకడానికి కారణం కూడా ఇదే. నవ్వు ఆ కచ్చితత్వంలోంచి వస్తుంది.

సామెతలు చూడండి. దున్నపోతు మీద వాన కురిసినట్టు, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, చల్లకొచ్చి ముంత దాచినట్టు. అన్నీ ‘అట్టు’లే, అన్నీ జరిగిన పనులే. వీటిలో ‘అట్టు’ తీసి రూపకం చెయ్యబోతే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. ‘వాడికెంత చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే’ అంటే చెప్పినవాడి శ్రమ గురించి మాట్లాడినట్టు. ‘వాడు దున్నపోతు’ అంటే తిట్టు. ఉపమ సంఘటనని పోల్చింది, రూపకం మనిషికి తీర్పు ఇచ్చేసింది. మరోవైపు ‘అడవి కాచిన వెన్నెల’, ‘బూడిదలో పోసిన పన్నీరు’ అనేవి ‘లా’ లేకుండానే బతుకుతున్నాయి. ‘వాడి చదువంతా అడవి కాచిన వెన్నెలైంది’ అంటాం. అక్కడ ఒక జీవితం ఎటుపోయిందో తేల్చి చెబుతున్నాం కాబట్టి తీర్పు కావాలి. జనం నోట్లో ఈ తేడా ఎవరూ నేర్పకుండానే నిలబడింది.

వేమనవి రెండు పద్యాలు పక్కపక్కన పెట్టుకున్నా ఇది తెలుస్తుంది. ‘కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా’ అన్నచోట పోల్చింది రెండు మోతలని, అందుకని ‘అట్లు’ ఉంది. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ పద్యంలో ఉప్పు, కర్పూరం చూపించి, వాటి రుచి వేరని చెప్పి, ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ అని వదిలేశాడు. మనుషులు ఉప్పు, కర్పూరంలా ఉంటారని ఎక్కడా అనలేదు. మధ్యలో ఖాళీ ఉంచాడు, ఆ ఖాళీని మనం దాటాం. అది ఉపమా కాదు, రూపకమూ కాదు, దృష్టాంతం. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఊరుకోవడమనే మూడో దారి కూడా ఉందని గుర్తుంచుకోడానికి చెప్పాను, అంతే.

ఇందాక భేదమే అసలు విషయమయ్యే పంక్తులు ఉంటాయన్నాను. అమెరికాలో ఉండి ఆరేళ్ళకి ఊరొచ్చినావిడ రాసిన వాక్యం ఒకటి నా దగ్గరుంది.

*సొంత ఇంట్లో చుట్టంలా కూర్చున్నాను, మంచినీళ్ళు ఎవరిస్తారా అని.*

దీన్ని ఎవరో ‘సొంత ఇంట్లో చుట్టాన్ని’ అని మార్చమన్నారట. అది బిగువుగానే ఉంది, పోస్టర్ మీద వేసుకోవచ్చు. కానీ చుట్టమైపోయానని తేల్చేస్తే ఇక బాధేముంది? ఆవిడ చుట్టం కాదు. కుండ ఎక్కడుందో, గ్లాసులు ఏ గూట్లో ఉంటాయో తెలిసిన మనిషి. అయినా లేవలేదు. ఆ తెలిసీ లేవకపోవడం అంతా ఒక్క ‘లా’లో ఉంది. కాదు అని తెలుస్తూనే ఉన్నట్టు ఉండటమే చెప్పాలనుకున్నప్పుడు, పోలిక మాట బొమ్మని బలహీనపరచదు. ఆ పంక్తికి ప్రాణమే అది. ‘అమ్మలా చూసుకుంది’ అన్న మాటలో ఎప్పుడూ ‘అమ్మ కాదు’ అనే మాట కూడా వినిపిస్తూనే ఉంటుంది. పెంచిన పిన్ని గురించి రాసేటప్పుడు ఆ వినిపించేది నీకు కావాలా వద్దా అన్నదే నిర్ణయం.

‘గా’, ‘ఐ’

ఉపమకీ రూపకానికీ మధ్య తెలుగులో ఇంకో రెండు మెట్లు ఉన్నాయి. వాటిని మర్చిపోయి రెండింటిలోనే ఎంచుకుంటాం. ‘అమ్మలా’ అంటే కాదు గాని పోలిక. ‘అమ్మగా’ అంటే ఆ స్థానంలో ఉంది. ‘అమ్మై’ అంటే మారిపోయింది. ‘పిన్ని మాకు అమ్మలా వండిపెట్టింది, తర్వాత అమ్మగా పెళ్ళిపీటల మీద కూర్చుంది’ అని రెండూ ఒకే వాక్యంలో పెడితే, ఎన్నో ఏళ్ళు ఆ రెండక్షరాల మధ్య గడిచిపోయాయి. ఇది ఏ అలంకారం అని నన్నడగొద్దు. పంక్తికి పనికొచ్చింది.

‘ఐ’ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘నేను వెన్నెలనై, చినుకునై, నీ గుమ్మంలో ముగ్గునై’ అంటూ సాగే కవితలు ఎన్ని చూశానో. ‘లా’ బలహీనం అని విన్నవాళ్ళు అందరూ ‘నై’లోకి వచ్చిపడ్డారా అనిపిస్తుంది. నిజంగా ఒకటి ఇంకొకటిగా మారడం పెద్ద సంగతి. ఒక పద్యంలో ఒకసారి మారితే నమ్ముతాం. ఏడు పంక్తుల్లో ఏడుసార్లు మారితే వేషాలు మార్చుకుంటున్నాడనుకుంటాం. పరీక్ష పాతదే. చినుకునయ్యాక ఏం చేశావు? పడ్డావా, ఇంకావా, చూరు పట్టుకుని వేలాడావా? ఏదీ చెయ్యకుండా వెంటనే ముగ్గువైపోతే చినుకు వృథా.

గట్టిగా చదివితే

చివరిగా చెవి సంగతి. ‘పువ్వులా నవ్వి, మెరుపులా మాయమై, గాయంలా మిగిలిపోయింది’ అన్న వాక్యంలో ఒక్కో పోలిక విడిగా ఫరవాలేదు. మూడు దీర్ఘమైన ‘లా’లు వరసగా వచ్చేసరికి ఊయల ఊపినట్టు అయిపోయి, గాయం దగ్గర కూడా అదే ఊపు వచ్చింది. అక్కడ ఆగాలి కదా. మొదటి రెండూ క్రియల్లోకి దించి ఒక్క ‘లా’ని చివరికి ఉంచితే దానికి బరువు వస్తుంది. ‘విచ్చుకుంది, మెరిసింది, గాయంలా మిగిలిపోయింది.’ గొప్ప వాక్యం కాకపోవచ్చు, కానీ ఆగాల్సిన చోట ఆగుతోంది.

తెలంగాణలో ‘లా’ బదులు ‘లెక్క’ అంటారు. ‘పిచ్చోని లెక్క తిరుగుతున్నడు’ అంటే మధ్యలో ద్విత్వం పడి పోలిక మాటే ఒక దెబ్బ వేస్తుంది. రాయలసీమలో ‘మాదిరి’ మూడక్షరాలు తీసుకుని తాపీగా వస్తుంది. ఈ మాటలు ‘లా’లాగా మాటకి అతుక్కుపోవు, విడిగా నిలబడతాయి. కాబట్టి ‘లా’ గురించి చెప్పినవన్నీ ‘లెక్క’కి అచ్చంగా అతకవు. ఆ యాసలో రాసేవాళ్ళు మూడు ‘లెక్క’లు వరసగా పెడితే, ఊయల కాదు, డప్పు మోగుతుంది. ఒక్కోసారి కావాల్సింది అదే కావచ్చు.

నేను చేసే పని ఒకటుంది. కవిత పూర్తయ్యాక పెన్సిల్‌తో ‘లా’, ‘లాగా’, ‘అట్టు’, ‘లాంటి’ అన్నిటికీ సున్నా చుడతాను. అందులో ‘ఎప్పటిలాగే’, ‘అలా’, ‘ఎలా’, ‘ఉంచాలా’, ‘తీసేయాలా’ లాంటివి పోలికలు కావు, కానీ చెవికి అవీ ‘లా’లే కాబట్టి వాటికీ చుడతాను. తర్వాత ఒక్కో పోలిక పక్కన ఉన్న క్రియ కింద గీత గీస్తాను. గీత ‘ఉంది’ కింద పడితే ఆ పంక్తి దగ్గర ఆగుతాను. మొన్న నా సొంత కవితకే ఇది చేస్తే, పదకొండు పంక్తుల్లో ఆరు సున్నాలు వచ్చాయి, నాలుగు గీతలు ‘ఉంది’ కిందే పడ్డాయి. ఆ నాలుగింట్లో రెండు క్రియలోకి దిగాయి, ఒకటి కొట్టేశాను. నాలుగోది ‘అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ మీద కేలెండర్ మేకులా ఉంది నా పేరు ఆ ఆఫీసులో’. దాన్ని మూడు రకాలుగా మార్చి, మూడూ చదువుకుని, చివరికి ‘ఉంది’ని అలాగే ఉంచేశాను. మేకు కూడా ఊరికే ఉంటుంది కదా.